మన ఖాజా

మా క్లాసువాడు ఖాజా పోయాక పెట్టిన జియారత్‌కి వెళ్లి వస్తూ కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లో టీకి ఆగాం. మద్దిలేటి ఫోన్ తీసి మా టెన్త్ గ్రూపు చూపించాడు. ఖాజా ఫోటో కింద వరసగా దండాల బొమ్మలు, వాటి కింద ఎవరో పెట్టిన ప్లాట్ల ప్రకటన, ఆ కింద గుడ్ మార్నింగులు. గుండెపోటుతో పోయి వారం కాలేదు, అప్పుడే వాడి ఫోటో కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

"వీనికి వేరే గ్రూపు పెట్టప్పా," అన్నాడు మద్దిలేటి.

ఆ రాత్రే పెట్టాను. పేరు 'మన ఖాజా'. క్లాసువాళ్లందరినీ చేర్చి, ఖాజా భార్య షమీమ్‌ను అడిగి ఆమె నంబరూ చేర్చాను. వాళ్ల ఇమ్రాన్‌కి ఇప్పుడు ఆరేళ్లు. వాడు పెద్దయ్యాక చదవాలంటే ఇది ఆమె దగ్గర ఉండాలి.

గ్రూపు పెట్టడం నిమిషం పని. మొదటి మెసేజ్ దగ్గరే ఆగిపోయాను. 'మంచివాడు' అని రాసి తుడిచేశాను. 'అందరికీ సాయం చేసేవాడు' అని రాసి అదీ తుడిచేశాను. పోయిన ఎవరి గురించైనా ఆ మాటలే అంటాం. ఆ మాటల్లో ఇమ్రాన్‌కి వాళ్ల నాయన ఎక్కడ దొరుకుతాడు? ఖాజా మాత్రమే చేసిన పని ఒకటి కావాలి. అది గుర్తొచ్చాక వేళ్లు ఆగలేదు.

"రేయ్, ఇక్కడ దండాలు వద్దు. ఖాజా విషయంలో మీరు కళ్లారా చూసింది, చెవులారా విన్నది ఒకటి రాయండి. ఎక్కడ, ఎప్పుడు అనేది కూడా రాయండి. ఇమ్రాన్ చదువుతాడు. నేను మొదలుపెడతా.

2009 అక్టోబర్ 2, గాంధీ జయంతి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చిన రోజు. మేం మిద్దె మీద ఉన్నాం. నీళ్లు తీశాక కిందికి దిగితే ఇల్లంతా బురద. నా పుస్తకాలు ఉబ్బిపోయి, పేజీ తిప్పితే ముద్దగా చేతికొచ్చినాయి. ఖాజా వాళ్లది ఎత్తు మీద ఇల్లు, నీళ్లు రాలేదు. రోజూ రాత్రి తన నోట్సు చూసి నాకు సోషల్ మొత్తం రాసిచ్చినాడు. మ్యాపుల దగ్గర పేజీలు ఖాళీగా వదిలినాడు. 'నీకు మ్యాపులు బాగొస్తాయి కదరా, నా నోట్సులో కూడా నువ్వే గీయి' అన్నాడు. గీసినా. పబ్లిక్ పరీక్ష ఆ నోట్సుతోనే రాసినా."

పంపి పడుకున్నాను. తెల్లారి చూస్తే మద్దిలేటి రాశాడు: "నాకు లెక్కలు రాసిచ్చినాడు. నీకూ రాసినాడని ఇప్పుడే తెలుస్తోంది."

దాని కింద సరళ: "నాకు సైన్స్."

ఇన్నేళ్లు ఎవరికి వాళ్లం, తనొక్కరికే రాసిచ్చాడనుకున్నాం. ఖాజా ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పనేలేదు. మా ఇళ్లల్లో తిండికీ బట్టకూ కటకటలాడిన ఆ నెలల్లో వాడు ఎప్పుడు నిద్రపోయాడో!

మధ్యాహ్నం షమీమ్ మెసేజ్ వచ్చింది.

"అన్నా, ఒకటి అడగాల. ఇమ్రాన్‌కి నత్తి ఉంది. స్కూల్లో పిల్లోళ్లు నవ్వుతారంట, పోనని ఏడుస్తాడు. ఈయనేమో 'నాకూ ఉండె, ఏం కాదులే' అనేవారు. నాకెప్పుడూ కనపడలే. నిజంగా ఉండెనా, పిల్లోనికి ధైర్యం చెప్పడానికి అన్నారా?"

నేను టైప్ చేస్తుండగానే సరళ రాసింది: "ఉండేది షమీమ్. అటెండెన్స్‌లో 'ప్రెజెంట్' అనడానికి వాడికి ఎంతసేపు పట్టేదో."

మద్దిలేటి పెద్దదే రాశాడు. "ఆదివారాలు కొండారెడ్డి బురుజు దగ్గర కూర్చోని నాకు పేపరు చదివి వినిపిస్తుండె. పైకే చదువుతాడు. మాట తట్టుకుంటే మళ్లీ ఆ లైను మొదట్నించి. నాకు విసుగొచ్చి లేస్తే చెయ్యి పట్టి కూర్చోబెడుతుండె. గ్వాలియర్‌లో సచిన్ రెండొందలు కొట్టినాడు చూడు, 2010 ఫిబ్రవరిలో, మరుసటి రోజు ప్రేయర్‌లో ఆ వార్త చదివింది ఖాజానే. సార్‌ని వాడే అడిగినాడు, నేను చదువుతానని. 'దక్షిణాఫ్రికా' దగ్గర ఆగిపోయినాడు."

చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత షమీమ్: "పక్కనే ఉన్నాడన్నా, అంతా చదివి వినిపించినా. ఆగిపోయినప్పుడు అబ్బాని చూసి నవ్వినారా అని అడుగుతున్నాడు."

ఏం చెబుదామని మద్దిలేటి నాకు ఫోన్ చేశాడు. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను.

"నవ్వినారు నాయనా. స్కూలు మొత్తం నిలబడి ఉంది, చానామంది నవ్వినారు. మీ అబ్బా ఆ లైను మళ్లీ మొదట్నించి చదివినాడు."