గుమ్మం కెమెరా గురించి అమ్మకూ నాయనకూ

హైదరాబాద్,
అక్టోబరు 12, ఆదివారం

అమ్మా, నాయనా,

ఇద్దరూ బాగున్నారని తలుస్తాను. కెమెరా సంగతి ఫోనులో చెబుతుంటే నాయన "సరేలేమ్మా" అని పెట్టేస్తున్నాడు. అమ్మేమో "నాకవన్నీ తెలీవు" అంటోంది. అందుకే పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పంపుతున్నాను. టీవీ పక్కన పెట్టుకోండి.

మొన్న పక్కింటి రమణమ్మత్త ఫోను చేసింది. కెమెరా పెట్టినప్పటి నుంచి అమ్మ సాయంత్రాలు అరుగు మీదికి రావడం లేదట. "మీ అమ్మాయి చూస్తా ఉంటదంట కదా" అని అత్త కూడా రావడం మానేసిందట. ఆ మాట విన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదమ్మా. మీరిద్దరే ఉంటున్నారు, పోయిన నెల ఎవరో గ్యాస్ తనిఖీ అని చెప్పి లోపలికి రాబోయారు. ఆ భయంతో పెట్టించానే గానీ నీ అరుగు నీకు దూరం చేయాలని కాదు.

కాబట్టి ముందు ఇది వినండి. కెమెరాలో మైకు ఆపేశాను. మాటలు ఒక్కటి కూడా రికార్డు కావు. అత్తా వాళ్ల గుమ్మం, వాళ్ల కిటికీ పడేచోట నల్లటి పట్టీ వేశాను. దాన్ని 'Privacy Zone' అంటారు. అక్కడ ఏం జరిగినా మనకు కనపడదు. ఈ మాట అత్తకు నువ్వే చెప్పు, కావాలంటే నాయన ఫోనులో చూపించు. రోజూ సాయంత్రం 4 నుంచి 6:30 దాకా కెమెరా దానంతటదే ఆగిపోయేలా పెట్టాను. ఆ వేళలో నేనే కాదు, ఎవరూ చూడలేరు. టైము మార్చాలంటే చెప్పు, మారుస్తాను.

ఇంకో సంగతి నాయనకు. యాప్ తెరిచింది నీ నంబరు మీద. అందులో యజమానివి నువ్వు, నేను చుట్టాన్ని. నేను చూడడం నీకు ఇష్టం లేని రోజున యాప్‌లో 'Share' అనే చోటికి వెళ్లి నా పేరు తీసేయొచ్చు. నేనేమీ అనుకోను. వీడియోలు కెమెరాలో ఉన్న చిన్న మెమరీ కార్డులోనే ఉంటాయి. బయటి కంపెనీ దగ్గర దాచే ప్లాను నేను తీసుకోలేదు. కార్డు నిండితే పాతవి చెరిగి కొత్తవి వస్తుంటాయి.

ఇక ఆ టింగుమనే మోత. మొదటి వారం కొబ్బరి మట్ట ఊగినా, పిల్లి దాటినా మోగింది కదా, పాపం నాయన అర్ధరాత్రి రెండుసార్లు లేచాడు. ఇప్పుడు మనిషి కనిపిస్తేనే మోగేలా మార్చాను. పగలు మోత ఉండదు, ఫోనులో గుర్తు మాత్రం పడుతుంది. రాత్రి 10 నుంచి తెల్లవారి 5 దాకానే శబ్దం వస్తుంది. పాలబ్బాయి 5:15కి వస్తాడు కాబట్టి వాడికి మోగదు. ఈ నెల నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు జోరుగా ఉంటాయి, అప్పుడు ఒకటీ అరా పొరపాటున మోగొచ్చు. టెన్షన్ పడొద్దు. రాత్రిపూట కెమెరాలో చిన్న ఎర్ర చుక్కలు కనపడితే అది చీకట్లో చూడడానికి వేసుకునే వెలుతురు, చెడిపోయినట్టు కాదు.

రాత్రి మోగితే మంచం మీదే ఫోను చూడండి. తెలిసిన మనిషైతే సరే. తెలియని వాళ్లైతే తలుపు తీయొద్దు, కిటికీలోంచే మాట్లాడండి. గడియ కదిలిస్తున్నారంటే ముందు 112కి, తర్వాత అత్తా వాళ్లకి ఫోను చేయండి. నాకు ఆఖర్న చేసినా చాలు. హైదరాబాద్ నుంచి కావలికి నేను రావడానికి ఒక రాత్రి పడుతుంది. వాళ్లు అయిదు నిమిషాల్లో వస్తారు.

కరెంటు పోతే కెమెరా పనిచేయదు. వైఫై డబ్బా, కెమెరా రెండూ ఇన్వర్టర్ లైనుకు కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను, గురువారం వస్తాడు. అప్పటిదాకా ఎప్పటిలాగే లోపలి గడియ వేసుకోండి. కెమెరా ఉంది కదా అని గడియ మరిచిపోవద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో నాయనా. కెమెరా కంపెనీ నుంచి అని ఎవరైనా ఫోను చేసి ఓటీపీ అడిగితే చెప్పొద్దు. యాప్ మార్చాలి, లింకు నొక్కు అన్నా నొక్కొద్దు. పెట్టేసి నాకు చెయ్యి. డబ్బు పోయిందని అనుమానం వస్తే వెంటనే 1930కి చెయ్యాలి. పాస్‌వర్డు నీ పాత డైరీ చివరి పేజీలో రాసి పెట్టాను. అది పర్సులో పెట్టుకోవద్దు.

అమ్మా, దీపావళికి వస్తున్నాను. అప్పటికీ నీకు మనసుకు పట్టకపోతే నేనే స్టూలెక్కి కెమెరా విప్పేసి, తలుపుకు కన్నం అద్దం పెట్టిస్తాను. ఈలోపు రేపు సాయంత్రం అత్తను పిలిచి అరుగు మీద కూర్చో. కూర్చున్నావని ఫోను చేసి చెప్పు, ఆ టైములో కెమెరాలో నాకు కనపడవు కదా.

మీ సుధ