డిస్లెక్సియా ఉన్న పదేళ్ల పాపకు ఇరవై వారాల తెలుగు పఠన శిక్షణ ప్రణాళిక

ఎవరి కోసం: 5వ తరగతి పాప, వయసు 10. ఇంటి భాష తెలుగు. కంటి, చెవి పరీక్షల్లో లోపమేమీ లేదు. డిస్లెక్సియా నిర్ధారణ అయింది. శిక్షణ జులై 7 నుంచి మొదలవుతుంది. సోమ, మంగళ, గురు, శుక్రవారాల్లో రోజుకు 45 నిమిషాలు, ఒక టీచరు ఒక్క పాపతోనే కూర్చుంటారు. ఈ కాగితం శిక్షకురాలి దగ్గర, తరగతి టీచరు దగ్గర, ఇంట్లో ఒక్కొక్క ప్రతి ఉండాలి.

ఇప్పటి స్థితి

కథ చదివి వినిపిస్తే ఎనిమిది ప్రశ్నలకు ఎనిమిదింటికీ సరైన జవాబులు చెప్పింది. అంటే అర్థం చేసుకోవడంలో ఇబ్బంది లేదు, అచ్చులో ఉన్నదాన్ని ధ్వనిగా మార్చుకోవడంలోనే ఉంది. ఎప్పుడూ చూడని మూడు పేరాలను ఒక్కో నిమిషం చదివిస్తే సరిగ్గా చదివిన పదాలు 16, 18, 21. మధ్య సంఖ్య 18నే తొలి కొలతగా తీసుకున్నాం. ఆ పేరాలో 7 తప్పులు వచ్చాయి, అంటే కచ్చితత్వం 72 శాతం. వరుస కలిపేసిన 60 గుణింతపు కార్డుల్లో 41 సరిగ్గా చెప్పింది. ద్విత్వాక్షరాల పదాలు 20కి 9, సంయుక్తాక్షరాలవి 20కి 3, అర్థం లేని కల్పిత పదాలు 20కి 6.

క నుంచి కః దాకా గుణింతం పాటలా అప్పజెబుతుంది. "కే" కార్డు ఒక్కటీ చూపిస్తే మాత్రం మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తోంది. ఆమెకు వచ్చింది వరుసే, అక్షరం కాదు. అందుకే ఈ ఇరవై వారాల్లో గుణింతాలు వరుసగా చదివించం. ఒకే పదాన్ని పదిసార్లు రాయించడం కూడా ఆపాలి. మూడోసారికే చేయి గీతను నకలు చేయడం మొదలుపెడుతుంది, నోట ధ్వని ఉండదు.

ఏ క్రమంలో నేర్పాలి

1 నుంచి 5 వారాలు గుణింతాలకు. ముందుగా ి–ీ, తర్వాత ు–ూ, ఆ తర్వాత ె–ే, ొ–ో. హ్రస్వానికి బల్లమీద ఒక్క దెబ్బ, దీర్ఘానికి చేత్తో బల్లమీద గీత లాగడం. ఒకదాన్నొకటి పోలిన అక్షరాలు (ప–వ, మ–వు, ద–ధ, బ–భ) ఒకే రోజు పక్కపక్కన పెట్టి నేర్పకూడదు. ఒకటి స్థిరపడ్డాక, కనీసం వారం ఆగి రెండోది. కలిపి నేర్పితే రెండూ కలిసే గుర్తుంటాయి. సున్నా కూడా ఇక్కడే: పంకా, పంట, కంపలో సున్నా ధ్వని తర్వాతి అక్షరాన్ని బట్టి మారుతుందని నోటితో పలికించి చూపాలి.

6 నుంచి 10 వారాలు ద్విత్వాలకు. గ్గ, ద్ద వంటి, వత్తు రూపం అసలు అక్షరాన్ని పోలినవి ముందు. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలిక తక్కువ. వీటిని వారానికి రెండుకు మించి తీసుకోవద్దు.

11 నుంచి 17 వారాలు సంయుక్తాక్షరాలకు. ఎక్కువ సమయం ఇక్కడే పడుతుంది, పడనివ్వాలి. "వస్తే" అని రాసినప్పుడు ఏత్వం స మీద ఉంటుంది, ధ్వని మాత్రం త తర్వాత వస్తుంది. పాప కంటికి కనిపించిన వరుసలో "వసేత" అని చదువుతోంది. "రాస్తూ"ని "రాసూత" అంటోంది. ఇది అజాగ్రత్త కాదు, లిపి వరుసకూ ధ్వని వరుసకూ ఉన్న తేడా. దాన్ని నేరుగా నేర్పాలి. కార్డు మీద అసలు హల్లు నల్లగా, వత్తు ఆకుపచ్చగా, గుణింతపు గుర్తు ఎర్రగా రాయండి. ఎర్ర గుర్తును చిన్న కాగితం ముక్కతో మూసి ముందు "స్‌–త" పలికించండి. ముక్క తీసి "స్తే" అనిపించండి. పది పదాలు తప్పు లేకుండా వచ్చాక రంగులు తీసేసి నల్ల అచ్చులోకి మారాలి. రంగులు రెండు వారాలు దాటితే వాటి మీదే ఆధారపడుతుంది.

18 నుంచి 20 వారాలు పొడవైన పదాలకు. "పుస్తకాలలోనుంచి" వంటివాటిని పుస్తకాల, లో, నుంచి అని పెన్సిలు గీతలతో విడగొట్టి చదివించాలి.

ఒక రోజు పాఠం

మొదటి 3 నిమిషాలు పాత కార్డులు 12, వరుస కలిపేసి. తర్వాత 5 నిమిషాలు చింతపిక్కలతో ధ్వనుల ఆట, పుస్తకం మూసి. "పలక"కు మూడు పిక్కలు. మొదటిది తీసేస్తే ఏం మిగిలింది? "లక". "కల"లో మొదటి ధ్వని మారిస్తే "వల", "నెల"లో మొదటి అచ్చు మారిస్తే "నేల". ఆపైన 10 నిమిషాలు కొత్త అంశం ఒకే ఒక్కటి: టీచరు పలుకుతారు, ఇద్దరూ కలిసి పలుకుతారు, పాప ఒక్కతే పలుకుతూ ఇసుక పళ్లెంలో వేలితో రాస్తుంది. నోరు కదలకపోతే ఆ రాత లెక్కలోకి రాదు.

తర్వాత 8 నిమిషాలు పదాలు చదవడం. నిజమైనవి 10, కల్పితమైనవి 5 ("గోటెమ", "లిపూడ" లాంటివి). కల్పిత పదాన్ని ఊహించి చెప్పడం కుదరదు, విప్పి చదవాల్సిందే. ఆపై 8 నిమిషాలు చెప్పి రాయించడం: 6 పదాలు, ఒక వాక్యం. సమయం చాలని రోజు ముందుగా ఎగిరిపోయేది ఇదే, దీన్ని మాత్రం వదలకండి. వత్తు నిజంగా వచ్చిందో లేదో రాతలోనే తెలుస్తుంది. ఆ తర్వాత 8 నిమిషాలు అప్పటిదాకా నేర్పిన అక్షరాలతోనే రాసిన, బొమ్మలు లేని చిన్న పేరా. చివరి 3 నిమిషాలు టీచరు కథ చదువుతారు, పాప వింటుంది.

తప్పు చదివితే పదం అందించవద్దు. తప్పిన అక్షరం కింద పెన్సిలు పెట్టి "ఇది ఏమని పలుకుతుంది?" అని అడిగి మూడు సెకన్లు ఆగండి. రాకపోతే ఆ ధ్వని చెప్పి, పదమంతా, తర్వాత వాక్యమంతా మళ్లీ చదివించండి.

వరుసగా రెండు పాఠాల్లో 20 పదాలకు 19 సరిగ్గా వస్తేనే తర్వాతి అంశం. 16 కంటే తక్కువైతే వెనక్కి ఒక మెట్టు. పై వారాల లెక్క అంచనా మాత్రమే, పాప వేగమే అసలు క్యాలెండరు.

పురోగతి నమోదు

ప్రతి శుక్రవారం పాఠానికి ముందు, ఎప్పుడూ చూడని పేరా ఒక నిమిషం. సరైన పదాలు ఎన్నో గళ్ల కాగితం మీద చుక్క పెట్టండి. 18 నుంచి ఇరవయ్యో వారానికి 38 దాకా ముందే ఒక లక్ష్యరేఖ గీసి ఉంచాలి, అంటే వారానికి ఒక పదం పెరుగుదల. కచ్చితత్వం 90 శాతం దాటేవరకు పాపను వేగంగా చదవమనకండి, గడియారం ఆమె కంటపడనివ్వకండి.

చుక్కతో పాటు తప్పు రకం కూడా రాయాలి: "గు" అంటే గుణింతం, "వ" వత్తు, "పో" పోలిన అక్షరం, "ఊ" మొదటి అక్షరం చూసి ఊహ, "వది" వదిలేసిన పదం. మొత్తం సంఖ్య పెరగకపోయినా "ఊ" తగ్గి "వ" పెరిగితే అది ముందడుగే: పాప ఊహించడం మాని విప్పి చదువుతోంది.

వరుసగా నాలుగు చుక్కలు రేఖ కింద పడితే పద్ధతి మార్చాలి. ముందు హాజరు చూడండి, మూడు రోజులే జరిగి ఉంటే కారణం అదే కావచ్చు. హాజరు బాగుంటే, ఎక్కువగా వస్తున్న తప్పు రకానికి కొత్త అంశపు పది నిమిషాలూ వారం పాటు కేటాయించండి. నాలుగు వారాలకోసారి కొత్త జాబితాతో 20 కల్పిత పదాలు, 15 పదాల డిక్టేషను. కల్పిత పదాల లక్ష్యం ఇరవయ్యో వారానికి 20కి 16.

ఇంట్లో, బడిలో

ఇంట్లో రోజుకు పది నిమిషాలు చాలు: ఆరు కార్డులు, ఆ రోజు పేరా ఒక్కసారి. కొత్తది నేర్పవద్దు. దసరా సెలవుల్లోనూ ఈ పది నిమిషాలు ఆగకూడదు. సెలవుల తర్వాతి మొదటి రెండు పాఠాలు పాతవాటికే.

తరగతిలో పాఠం గట్టిగా చదివించాలంటే ఏ నాలుగు వాక్యాలో ముందురోజే చెప్పి పంపండి. పరిసరాల విజ్ఞానం జవాబులు నోటితో చెప్పనివ్వండి, అక్షర దోషాలకు మార్కులు తగ్గించవద్దు. నిర్దిష్ట అభ్యసన వైకల్యం 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చేరి ఉంది. ధ్రువపత్రం, ఈ నమోదు కాగితాలు ఒకే ఫైలులో దాచండి, ముందు ముందు పరీక్షల్లో అదనపు సమయం అడగడానికి ఇవే ఆధారం.

పదో వారం శుక్రవారం, సెప్టెంబరు 12న, తల్లిదండ్రులు, తరగతి టీచరు, శిక్షకురాలు గళ్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటారు. ఆ రోజుకు లక్ష్యరేఖ మీద ఉండాల్సిన సంఖ్య 28.