బాగుందన్నాడు, జవాబే రాదు

ప్రశ్న: అక్కా, నాకు 26 ఏళ్లు. యాప్‌లో పరిచయమైన అబ్బాయిని ఆదివారం భద్రకాళి బండ్ మీద కలిశాను. చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం. రాత్రి తనే ‘చాలా బాగా గడిచింది, మళ్లీ కలుద్దాం’ అని మెసేజ్ పెట్టాడు. వెంటనే ‘ఎప్పుడు?’ అన్నాను. నీలి టిక్కులు సోమవారమే పడ్డాయి. జవాబు గురువారం వచ్చింది, అదీ ‘సారీ, బిజీ’ అని. ఇష్టం లేకపోతే బాగుందని ఎందుకనాలి? ఒకటే టెన్షన్.
– హన్మకొండ

జవాబు: చెల్లీ, అబద్ధమాడాడని అనుకోను. ఆ సాయంత్రం అతనికి నచ్చే ఉంటుంది. కానీ ఒక పూట సరదాగా గడపడం వేరు, నీ కోసం తీరిక చేసుకోవడం వేరు. కొందరికి ఫోన్‌లో మాటలు రావు, ఎదురుపడితే ఆగరు. ఇంకొందరు అదే యాప్‌లో మరొకరితోనూ మాట్లాడుతుంటారు, అక్కడ అది మామూలే. ఇతనెవరో నాకు తెలియదు. ఒకటి మాత్రం కొట్టొచ్చినట్టు కనబడుతోంది: నువ్వు ‘ఎప్పుడు?’ అంటే రోజు చెప్పలేదు. నిజంగా పనుల్లో ఉన్నవాడైతే ‘ఈ వారం కుదరదు, వచ్చే ఆదివారం?’ అంటాడు.

ఒక్కసారి సూటిగా అడుగు: ‘శనివారం సాయంత్రం ఖిలా వరంగల్ వెళ్దామా?’ సరే అంటే వెళ్లు. ‘చూద్దాం’ అని మళ్లీ మాయమైతే ఇంకో మెసేజ్ పెట్టకు. ఆ టిక్కులు కూడా ఆఫ్ చేసుకో, సెట్టింగ్స్‌లో ఉంటుంది.