హార్బర్ బోర్డు మీది నోటీసు: ఫోటోలో కనబడినంత వరకు ఎత్తి రాసిన ప్రతి

బాబాయ్, ఫిషింగ్ హార్బర్ బోర్డు ఫోటో చూశాను. అద్దం మీద ట్యూబ్‌లైటు మెరుపు పడింది, ఎడమ పక్క బొటనవేలు అడ్డొచ్చింది, కింద ఫోను నీడ ఉంది. కుడి అంచు, కింది అంచు కొంచెం తెగాయి. నోటీసులో ఉన్న వరుసల ప్రకారమే నంబర్లు వేశాను. చదరపు బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు, మిగతావన్నీ నోటీసులోవి.

1. వేట నిషేధం – బోటు యజమానులకు గమనిక
2. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో
3. మర బోట్లు, మోటారు బోట్లు వేటకు వెళ్లరాదు.
4. ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు ఇది వర్తించదు.
5. ఏప్రిల్ 14 అర్ధరాత్రి లోగా బోట్లన్నీ జెట్టీకి చేరాలి.
6. భృతి లెక్కింపు రోజున సరంగు, కళాసీలు అందరూ
7. బోటు దగ్గరే ఉండాలి. తేవలసిన కాగితాలు:
8. బోటు రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు, బీమా కాగితం,
9. ఒక్కొక్కరి ఆధార్, బ్యాంకు [మెరుపు: చివర సుమారు మూడు మాటలు లేవు]
10. [మెరుపు: వరుస మొత్తం లేదు]
11. [మెరుపు: వరుస మొత్తం లేదు]
12. [మెరుపు: మొదటి సగం లేదు] మందికి మించి పేర్లు రాయరు.
13. లెక్కింపు మొదలు: ఏప్రిల్ 1[5 లేక 6] ఉదయం 8 గంటలకు
14. [వేలు: మొదటి ఒకటి రెండు మాటలు లేవు] ఒడ్డెక్కించే బోట్లకు ముందే పేరు ఇవ్వాలి.
15. [వేలు: మొదటి మాటలు, అంకె మొదలు లేవు]50 రూపాయలు. రసీదు తీసుకోండి.
16. [వేలు: మొదటి మాట లేదు] డ్రమ్ములు, గ్యాస్ సిలిండర్లు బోట్లలో ఉంచవ[కుడి అంచు: చివరి అక్షరం లేదు]
17. రాత్రి కాపలాకు ప్రతి బోటు నుంచి ఒక మనిషి రావాలి.
18. కాపలా జాబితా శనివారం ఇదే బోర్డు మీద అంటిస్తారు.
19. గడువు దాటాక పేర్లు చేర్చడం కుదరదు.
20. [కింది అంచు: తలకట్లు మాత్రమే కనబడుతున్నాయి, చదవలేం]

17 నుంచి 19 దాకా నీడలో ఉన్నా వెలుతురు పెంచితే అక్షరాలు తేలాయి, వాటిని నమ్మొచ్చు. మెరుపు సంగతి వేరు. అక్కడ ఫోటోలో తెలుపు తప్ప ఏమీ నమోదు కాలేదు కాబట్టి వెలుతురు ఎంత తగ్గించినా అక్షరం రాదు. 10, 11 రెండు వరుసలని ఎలా అన్నానంటే, 9కీ 12కీ మధ్య ఉన్న ఎడం మిగతా వరుసల ఎడంతో కొలిస్తే సరిగ్గా రెండింటికి సరిపోతోంది. అయితే అందులో ఒకటి ఖాళీ వదిలారేమో ఈ ఫోటోలో తేలదు.

అసలు చిక్కు 16వ వరుసతో. చివర పోయింది ఒక్క అక్షరమే. అది ‘చ్చు’ అయితే ఉంచుకోవచ్చు, ‘ద్దు’ అయితే కూడదు. 2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడ్డాయి కనుక ‘ఉంచవద్దు’ అనే ఉంటుందని ఎవరికైనా తోస్తుంది. తోచినా రాయలేదు, కనబడలేదు కాబట్టి. తేలేదాకా డ్రమ్ములు, సిలిండర్లు కిందికి దింపించండి.

12లో ఎంతమందో, 15లో 150యో 250యో, అది రోజుకో మొత్తానికో తెలియదు. కాబట్టి కళాసీల జాబితా ఖాయం చేయకండి, డబ్బు కట్టకండి. 13లో తేదీ రెండో అంకె కొంత మెరుపులో కలిసిపోయింది. 15వ తేదీ ఉదయమే అందరినీ బోటు దగ్గర ఉంచితే నష్టం లేదు. నోటీసు ఏ సంవత్సరానిదో, ఎవరు సంతకం చేశారో కనబడిన భాగంలో లేదు. నిషేధం తేదీలు ఏటా ఇవే కనుక, ఇది పాత నోటీసు కాదని కూడా చూసుకోవాలి.

మళ్లీ తీసేటప్పుడు ఫ్లాష్ ఆపండి. ఒక ఫోటో బోర్డుకు ఎడమ వైపు అడుగు జరిగి, ఇంకోటి కుడి వైపు జరిగి తీయండి. మీరు జరిగితే మెరుపు కూడా జరుగుతుంది, ఒకదాంట్లో పోయిన వరుస రెండోదాంట్లో దొరుకుతుంది. అయినా పోకపోతే ట్యూబ్‌లైటుకూ అద్దానికీ మధ్య ఎవరైనా గొడుగు పట్టుకోవాలి. ఫోను అంచులే పట్టుకోండి, తీసే వరుసల రెండు చివరలూ ఫోటోలో పడాలి. మొత్తం అక్కర్లేదు, 9 నుంచి 16 దాకా దగ్గరగా ఒకటి, 20 నుంచి కింది దాకా ఒకటి చాలు. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, చిన్న అక్షరాలు చెదరవు.