ఇంట్లో బీపీ మెషిన్ వాడే విధానం, అది చూపే అంకెల అర్థం: పర్లాకిమిడిలోని మామయ్య గారికి, అత్తయ్య గారికి

మామయ్య గారికి, అత్తయ్య గారికి నమస్కారాలు. మెషిన్‌తో వచ్చిన పుస్తకం ఇంగ్లీషు, హిందీలలో మాత్రమే ఉన్నందున, అందులో మీకు అవసరమైన భాగాన్ని తెలుగులో రాసి, అంకెలను ఎలా చూసుకోవాలో కూడా చేర్చి పంపుతున్నాను. దీన్ని మెషిన్ పెట్టెలోనే ఉంచండి.

మొదటిసారి వాడే ముందు

మెషిన్ అడుగున ఉన్న మూత తీసి, నాలుగు పెన్సిల్ సెల్లను ప్లస్, మైనస్ గుర్తులు సరిచూసి వేయండి. తేదీ, సమయం తప్పుగా ఉంటే పాత కొలతలు ఏ రోజువో తెలియవు కాబట్టి ముందుగా వాటిని సరిచేయాలి. ఈ మెషిన్ ఇద్దరి కొలతలను విడివిడిగా దాచుకుంటుంది. 1 అంకె మామయ్య గారిది, 2 అంకె అత్తయ్య గారిది అనుకుందాం. కొలిచే ముందు ఆ అంకెను తప్పక చూసుకోండి, లేకపోతే ఒకరి లెక్క మరొకరి ఖాతాలో పడుతుంది.

పెట్టెలో వచ్చిన చేతిపట్టీ, జబ్బ చుట్టుకొలత 22 నుంచి 32 సెంటీమీటర్ల మధ్య ఉన్నవారికి సరిపోతుంది. మామయ్య గారి జబ్బ 28 సెంటీమీటర్లు కాబట్టి ఆయనకు ఇబ్బంది లేదు. అత్తయ్య గారి జబ్బ 35 సెంటీమీటర్లు ఉంది. ఆమె ఈ పట్టీతో కొలుచుకోకూడదు, ఎందుకంటే చిన్న పట్టీ బిగుసుకుపోయి, అసలు బీపీ కంటే ఎక్కువ అంకెను చూపిస్తుంది, ఆ అంకెను నమ్మి అవసరం లేని మందు పెంచే ప్రమాదం ఉంటుంది. అదే కంపెనీ తయారుచేసే 32 నుంచి 42 సెంటీమీటర్ల పట్టీని తెప్పిస్తున్నాను. అది వచ్చే వరకు అత్తయ్య గారు ఆగాలి.

కూర్చునే పద్ధతి

నా దృష్టిలో ఈ కాగితమంతటిలోకీ ముఖ్యమైన భాగం ఇదే. మెషిన్ ఎంత మంచిదైనా, మనం సరిగా కూర్చోకపోతే అది చూపే అంకెకు విలువ లేదు.

కొలవడానికి అరగంట ముందు నుంచి టీ, కాఫీ తాగకూడదు, పొగాకు, ఖైనీ, గుడాఖు ముట్టకూడదు, నడకకు వెళ్లకూడదు. మూత్రానికి వెళ్లి వచ్చి, వీపు ఆనుకునే కుర్చీలో ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. అరుగు మీద గానీ, చాప మీద బాసింపట్టు వేసుకుని గానీ కొలవవద్దు. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చేతిని బల్ల మీద పెట్టి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా కింద దిండు సర్దుకోండి. పట్టీ గుండె కంటే ప్రతి రెండున్నర సెంటీమీటర్లు కిందికి జారినకొద్దీ అంకె సుమారు 2 పెరుగుతుంది. అందువల్ల చేయి ఒళ్లో పెట్టుకుని చూసిన బీపీ, దిండు మీద పెట్టి చూసిన బీపీ ఒకటి కావు.

పట్టీని చొక్కా మీద కాకుండా ఒంటి మీదే చుట్టాలి. దాని కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన ఉండాలి, గొట్టం చేతి లోపలి వైపు నుంచి కిందికి రావాలి. చుట్టాక పట్టీ కింద ఒకటి రెండు వేళ్లు దూరేంత వదులు ఉంటే సరిపోతుంది. చొక్కా చేతినో, జాకెట్టు చేతినో పైకి మడిస్తే అది జబ్బను నొక్కుతుంది కనుక, అత్తయ్య గారు వదులుగా ఉన్న పొట్టి చేతుల జాకెట్టు వేసుకోవడం మేలు.

START/STOP బొత్తాం నొక్కగానే పట్టీలోకి గాలి నిండి చేయి గట్టిగా పట్టేస్తుంది, తర్వాత మెల్లగా వదులుతుంది. ఆ సమయంలో రక్తనాళం కొట్టుకునే చిన్న అదురును బట్టే మెషిన్ లెక్క కడుతుంది కాబట్టి చేయి కదిలించకూడదు, మాట్లాడకూడదు, పక్కవారు కూడా పలకరించకూడదు. ఒక నిమిషం ఆగి రెండోసారి కొలవండి. మొదటి రోజు రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఇక మీదట ఎప్పుడూ కొలవండి.

ఎప్పుడు కొలవాలి

డాక్టరు గారి దగ్గరకు వెళ్లే ముందు వారం రోజుల పాటు, ఉదయం బీపీ మాత్ర, టిఫిను తీసుకోకముందు రెండుసార్లు, రాత్రి పడుకునే ముందు రెండుసార్లు చూసి నోటుపుస్తకంలో రాయండి. మొదటి రోజు అంకెలను వదిలేసి, మిగిలిన ఆరు రోజులకు సగటు తీయాలి. అంకెలు తగ్గించి రాయవద్దు, బాగా వచ్చిన దాన్నే ఏరి రాయవద్దు.

అంకెల అర్థం

తెర మీద పైన కనిపించే SYS గుండె ముడుచుకుని రక్తాన్ని నెట్టినప్పటి ఒత్తిడి, దాని కింద కనిపించే DIA గుండె వదులైనప్పటి ఒత్తిడి. PULSE నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతుంది.

ఆసుపత్రిలో 140/90 నుంచి ఎక్కువ బీపీగా లెక్కిస్తారు. ఇంట్లో నెమ్మదిగా కూర్చుని చూసుకుంటాము కాబట్టి ఆ హద్దు 135/85. ఉదాహరణకు మామయ్య గారికి ఒక ఉదయం 142/86, 138/84 వచ్చాయనుకోండి, ఆ పూట సగటు 140/85 అవుతుంది. ఒక్క పూట అలా ఉన్నందుకు కంగారు పడనక్కరలేదు. రాత్రి సరిగా నిద్ర పట్టకపోయినా, చలిగా ఉన్నా, మనసు బాగా లేకపోయినా బీపీ మారుతుంది. వారం సగటే 135/85 దాటితే పుస్తకం డాక్టరు గారికి చూపించాలి. సగటు 160/100 దాటితే తర్వాతి తేదీ వరకు ఆగకుండా ఆ వారంలోనే వెళ్లండి. మీ వయసును, మిగతా జబ్బులను బట్టి డాక్టరు గారు వేరే హద్దు చెబితే, ఇక్కడ రాసిన దాన్ని కొట్టేసి ఆయన చెప్పిందే రాసుకోండి.

180/120 గానీ, అంతకు మించి గానీ వస్తే ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. అప్పుడూ తగ్గకపోతే ఒంట్లో ఏ బాధా లేకపోయినా ఆ రోజే డాక్టరు గారికి చెప్పాలి. గుండెల్లో నొప్పి, ఆయాసం, ఒక పక్క చేయి కాలు పడిపోవడం, నోరు వంకర పోవడం, మాట తడబడడం, చూపు మందగించడం వంటివి ఉంటే మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఒడిశాలోనూ, అటు శ్రీకాకుళం వైపూ అదే నంబరు. అలాంటి లక్షణాలు ఉన్నప్పుడు బీపీ మామూలుగా కనిపించినా సరే, ఫోన్ చేయడం మానవద్దు.

తక్కువ బీపీ కూడా పట్టించుకోవలసిందే. మామయ్య గారు మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయని అంటున్నారు కనుక, ఒకసారి కూర్చుని కొలిచి, లేచి నిలబడ్డ ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ కొలవండి. అప్పుడు అత్తయ్య గారు పక్కనే ఉండాలి, చేయి గుండె ఎత్తులోనే పట్టి ఉంచాలి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే డాక్టరు గారికి తప్పక చెప్పండి, మాత్ర మోతాదు మార్చవలసి రావచ్చు.

కానీ ఆ మార్పు మీరు చేయకండి. అంకె బాగుందని మాత్ర మానడం, ఎక్కువగా ఉందని ఇంకొకటి వేసుకోవడం రెండూ ప్రమాదమే. బీపీ అదుపులో ఉన్నది ఆ మాత్ర వల్లే. అత్తయ్య గారు మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు బీపీని పెంచుతాయి. వాటి సంగతి కూడా డాక్టరు గారికి దాచకుండా చెప్పండి. ఉప్పు అన్నీ కలిపి ఒక్కొక్కరికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించకూడదు. ఎండు చేపలు, ఆవకాయ, అప్పడాలలోని ఉప్పు కూడా ఆ లెక్కలోదే.

తెర మీద వేరే గుర్తులు కనిపిస్తే

నాడి క్రమం తప్పిందని చెప్పే గుండె బొమ్మ ఒకసారి వస్తే చేయి కదిలిందేమో చూసుకుని మళ్లీ కొలవండి. పదే పదే వస్తుంటే ఈసీజీ తీయించాలి. అంకెలకు బదులు పొరపాటు గుర్తు వస్తే పట్టీ విప్పి, గొట్టం సరిగా బిగించి, మళ్లీ చుట్టండి. సెల్ బొమ్మ కనిపిస్తే నాలుగు సెల్లనూ ఒకేసారి మార్చాలి.

పట్టీని ఉతకకూడదు, తడి గుడ్డతో తుడిస్తే చాలు. ఈసారి జిల్లా ఆసుపత్రికి వెళ్లేటప్పుడు నోటుపుస్తకంతో పాటు మెషిన్‌ను కూడా తీసుకెళ్లి, అక్కడి మెషిన్‌తో ఒకసారి పోల్చి చూడమని అడగండి. ఆ పోలికను ఏడాదికొకసారి చేయించడం మంచిది.

మీ మేనకోడలు