కిడ్నీల ఆరోగ్య అధ్యయనం: పాల్గొనేవారికి సమాచార పత్రం

కనిగిరి ప్రాంతపు బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకు కొత్త కాదు. ఆ నీటికీ కిడ్నీ జబ్బుకూ సంబంధం ఉందో లేదో తెలుసుకోవడానికే ఈ అధ్యయనం. కొత్త మందులేవీ ఇవ్వం. ఒక్కసారి 5 మిల్లీలీటర్ల రక్తం, కొంత మూత్రం, మీరు తాగే నీరు తీసుకుంటాం. సూది గుచ్చినచోట కాస్త నొప్పి ఉంటుంది, కమిలిపోవచ్చు. ఖర్చు మాదే.

చేరడం పూర్తిగా మీ ఇష్టం. ఇంటి పెద్దలో, ఆశా కార్యకర్తో, చివరికి డాక్టరో చెప్పారని ఒప్పుకోనక్కరలేదు. ఇంటికి వెళ్లి ఆలోచించుకుని రండి. మధ్యలో మానుకున్నా కారణం అడగం; ఇక్కడ మీకు అందే వైద్యం, మందులు ఎప్పటిలాగే అందుతాయి. మీరు కోరితే మిగిలిన రక్తాన్ని పారవేస్తాం. అప్పటికే లెక్కల్లో కలిసిన ఫలితాన్ని మాత్రం వెనక్కి తీయలేం.

రక్తం సీసాపై మీ పేరు ఉండదు, ఒక సంఖ్య ఉంటుంది. రెంటినీ కలిపే పుస్తకం ముఖ్య పరిశోధకురాలి బీరువాలో తాళం వేసి ఉంటుంది. దాన్ని ఆమెతోపాటు, తనిఖీకి వచ్చే నైతిక సంఘం సభ్యులు చూడవచ్చు. ఆధార్ నంబరు అడగం. చిన్న ఊళ్లో వయసు చెబితే చాలు, మనిషిని గుర్తుపడతారు. అందుకే నివేదికలో ఊరి పేరు రాయం, మండలం పేరే రాస్తాం. పరీక్షలో తేడా కనిపిస్తే మీకు మాత్రమే చెబుతాం.

సంతకం రాకపోతే సాక్షి ఎదుట వేలిముద్ర వేయవచ్చు. ఈ పత్రం ప్రతి ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి.