‘తొలి డికాషన్’ కాఫీ పొడి: 75 సెకన్ల ప్రకటన చిత్రానికి స్క్రిప్టు

ప్రేక్షకులు: బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు. ఆన్‌లైన్‌లోనూ, తెలుగు సినిమాలు ఆడే థియేటర్లలోనూ ప్రదర్శనకు.

దర్శకుడికి ముందుగా: ఈ చిత్రంలో పోల్చేవి మూడే. గింజలు వేయించిన తేదీ, పొడి పట్టే సమయం, చికోరీ శాతాన్ని ఎంచుకునే వీలు. ఈ మూడింటికీ మన దుకాణం రిజిస్టర్లలోనూ బిల్లులలోనూ ఆధారం ఉంది. రుచిలో మనదే మేలని నిరూపించే కాగితం మన దగ్గర లేదు కనుక ఆ మాటను ఏ పాత్రా ఎత్తకూడదు. పోటీదారు పేరు చెప్పనంత మాత్రాన మనకు రక్షణ ఉందనుకోవద్దు. తయారుగా దొరికే పొడులన్నింటినీ కలిపి చులకన చేసినా ఫిర్యాదుకు ఆస్కారం ఉంటుంది. అందువల్ల వంటింట్లో ఉన్న పాత పొడిని చీటీ లేని స్టీలు డబ్బాలోనే చూపాలి. మార్కెట్లో కనిపించే ఏ ప్యాకెట్ రంగునూ ఆకారాన్నీ అది గుర్తు చేయకూడదు. ఆ పొడితో కలిపిన కాఫీ తాగి ఎవరూ మొహం చిట్లించకూడదు.

దృశ్యం 1: మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంటు వంటిల్లు, ఉదయం. 25 సెకన్లు.

అనంతపురం నుంచి వచ్చిన శారదమ్మ ఇత్తడి ఫిల్టరులో పొడి వేస్తుంటుంది. కోడలు మాధవి పాలు కాస్తూ ఉంటుంది.

శారదమ్మ: మాధవీ, ఈ పొడిలో చికోరీ ఎంత ఉందమ్మా?

మాధవి: ప్యాకెట్ మీద వేశారు అత్తయ్యా, కాఫీ 70 శాతం, చికోరీ 30 శాతం. మీ అబ్బాయి చికోరీ అసలు వద్దంటారు, మీకేమో చిక్కటి డికాషన్ కావాలి.

శారదమ్మ: మీ మామయ్యకూ నాకూ నలభై ఏళ్లుగా నడుస్తున్న తగాదా ఇదే. చికోరీ ఏమైనా కల్తీయా? డికాషన్‌కు రంగూ చిక్కదనమూ దానివల్లే వస్తాయి.

(శారదమ్మ చివరి మాటను కత్తిరించవద్దు. చికోరీ కలిపి అమ్మేవారిని తప్పుపట్టడం మన ఉద్దేశం కాదు. మనమూ కలిపి అమ్ముతాము.)

దృశ్యం 2: మల్లేశ్వరంలో ‘తొలి డికాషన్’ దుకాణం. 35 సెకన్లు.

వేయించే డ్రమ్ము తిరుగుతుంటుంది. గల్లాకు ఇవతల అత్తాకోడళ్లు నిలబడి ఉంటారు.

నేపథ్య స్వరం: తయారుగా దొరికే కాఫీ పొడి తీరిక లేని ఇళ్లకు ఎంతో సౌకర్యం. అందులో కాఫీ ఎంత, చికోరీ ఎంత అన్నది తయారీదారు ముందే నిర్ణయించి, నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద ముద్రిస్తారు. మా దుకాణంలో ఆ నిర్ణయం మీది. చికోరీ అసలు లేకుండానైనా, 49 శాతం పరిమితికి లోబడి మీరు కోరినంత కలిపైనా, మీరు గల్లా దగ్గర నిలబడి ఉండగానే గింజలను పొడి పట్టి ఇస్తాము.

దుకాణదారుడు: అమ్మా, మీకు ఏ పాళ్లలో కావాలి?

శారదమ్మ: నాకు పావుకిలో, మూడింట ఒక వంతు చికోరీతో ఇవ్వండి. మా అబ్బాయికి ఇంకో పావుకిలో, వట్టి కాఫీ.

మాధవి (నవ్వుతూ): ఇంట్లో ఫిల్టర్లు కూడా రెండు కావాలి అత్తయ్యా!

నేపథ్య స్వరం: వేయించిన గింజల సువాసన గాలి తగిలేకొద్దీ తగ్గుతుంది, పొడి చేశాక మరింత త్వరగా తగ్గుతుంది. అందుకే గింజలు వేయించిన తేదీనీ, పొడి పట్టిన తేదీనీ విడివిడిగా ప్రతి ప్యాకెట్ మీదా ముద్రిస్తున్నాము.

తెర మీద తెలుగులో, చేతి ఫోనులోనూ చదవగలిగేంత పెద్ద అక్షరాలతో, నాలుగు సెకన్లకు తగ్గకుండా: “ఈ పోలిక ముందే పొడి చేసి అమ్మే కాఫీ–చికోరీ మిశ్రమాలతో, పైన చెప్పిన అంశాలకు మాత్రమే పరిమితం. వాటి నాణ్యత గురించి ఏ వ్యాఖ్యా లేదు.”

దృశ్యం 3: అదే వంటిల్లు, మరునాటి ఉదయం. 15 సెకన్లు.

పొయ్యి పక్కన రెండు ఫిల్టర్లు. పాత స్టీలు డబ్బా అలమరలో తన చోటనే ఉంటుంది. దాన్ని పారేస్తున్నట్టు చూపవద్దు.

నేపథ్య స్వరం: మా పొడి కోసం మీరు దుకాణం దాకా రావాలి, కాసేపు ఆగాలి. ఆ కాసేపట్లో మీ కాఫీ మీరు చెప్పినట్టు తయారవుతుంది. ‘తొలి డికాషన్’, మల్లేశ్వరం.

ఎడిటరుకు: దీనిని 30 సెకన్లకు కుదించవలసి వస్తే మొదటి దృశ్యాన్ని పూర్తిగా తీసేయవచ్చు, నవ్వు పుట్టించే మాటా పోవచ్చు. తెర మీది పరిమితి వాక్యాన్నీ, తయారు పొడి సౌకర్యమని ఒప్పుకున్న వాక్యాన్నీ మాత్రం తీయకూడదు. అవి లేకపోతే మిగిలిన మాటలే పోటీదారుల మీద ఆరోపణలా వినిపిస్తాయి. కుదించిన ప్రతిని విడుదలకు ముందు మరోసారి న్యాయవాదికి చూపించాలి.